నాలుగు ఆటోలు

మా మేనత్త లెక్కల పుస్తకంలో ఒక పేజీ నెత్తిన "ఆటో" అని రాసి ఉంటుంది. తేదీ, పక్కన డబ్బు, అంతే. మామూలు నెలకి కూడితే 7,000 వస్తుంది. బరంపురంలో ఇరవై ఏళ్ళుగా అప్పడాలు చేయించి అమ్ముతున్న మనిషి. రూపాయి తప్పు పోదు, ఏ రోజు ఖర్చు ఆ రోజే రాస్తుంది. అయినా ఫిబ్రవరిలో విశాఖపట్నం వ్యాపారికి 300 కిలోల సరుకు పంపి, లాభం వచ్చిందని సంతోషపడి, మార్చి నెలాఖరున పప్పు కొట్టు బాకీ తీర్చడానికి డబ్బు చాలక నా దగ్గరికి వచ్చింది.

"ఏట్రా ఇది, అమ్మకం పెరిగింది, చేతిలో డబ్బు తరిగింది. ఎక్కడ పోయిందో చూడు" అంది.

నేను చిన్న కొట్లకీ, పిండి మిల్లులకీ లెక్కలు రాసే మనిషిని. ఆ పుస్తకం తెచ్చుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. డబ్బు ఎక్కడ పోయిందో ఆ ఆటో పేజీ చూస్తేనే తెలిసింది. కాస్ట్ షీట్ అంటే కిలో సరుకుకి ఏ ఖర్చు ఎంత పడిందో చూపే కాగితం. ఒక ఖర్చుని దాని పేరు కింద రాస్తే కాస్ట్ షీట్ అవ్వదు, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని కింద రాస్తేనే అవుతుంది. డిగ్రీలో మాకు సరుకుకీ కూలికీ నేరుగా పడే ప్రైమ్ కాస్ట్, తయారీకి అయ్యే మిగతా ఖర్చులైన ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్, ఆఫీసు ఓవర్‌హెడ్, అమ్మకపు ఖర్చు అని నాలుగు మెట్లు నేర్పారు. ఏ ఖర్చు ఏ మెట్టు మీద ఉంటుందో బట్టీ పట్టించారు. బట్టీ పట్టినవాడికి ఆటో ఎక్కడ ఉంటుంది అంటే "రవాణా, కాబట్టి అమ్మకపు ఖర్చు" అని వస్తుంది. మా అత్త పుస్తకంలో అది ఒకచోట లేదు, నాలుగుచోట్లా ఉంది.

పెద్ద బజారు నుంచి పప్పు బస్తాలు షెడ్డుకి తెచ్చే ఆటోకి నెలకి 1,600. ఆ పప్పు షెడ్డులోకి రాకపోతే అది సరుకే కాదు, కాబట్టి ఆ కిరాయి పప్పు ధరలో కలవాలి. అది ప్రైమ్ కాస్ట్. పొద్దున్నే పిండి కలిపి, ఉండలు కట్టి, వీధి వీధికీ ఆడవాళ్ళ ఇళ్ళకి అందించి, సాయంత్రం ఎండిన అప్పడాలు తిరిగి తెచ్చే ఆటోకి 2,000. అది ఫ్యాక్టరీ ఖర్చు. ఫ్యాక్టరీ అంటే ఒక కప్పు కింద ఉండాలని ఏమీ లేదు. మా అత్త ఫ్యాక్టరీ పదిహేను డాబాల మీద పరుచుకుని ఉంటుంది, ఆ డాబాలని కలిపే నడవా ఆ ఆటో. బ్యాంకుకీ, లైసెన్సు కాగితాల పనికీ తిరిగిన ఆటోకి 400, అది ఆఫీసు ఖర్చు. ఊళ్ళో కొట్లకి సరుకు వేసే ఆటోకి 3,000, అది అమ్మకపు ఖర్చు. చాలా రోజులు ఈ నాలుగూ ఒకటే ఆటో, ఒకటే డ్రైవరు. అందుకే ఆమెకి అవి ఒకటే ఖర్చుగా కనబడ్డాయి.

ఇలా విడదీయడం పంతులుగారి చాదస్తం కాదా అని చాలామంది అడుగుతారు. మొత్తం ఖర్చు ఎలాగూ ఒకటే కదా, ఏ మెట్టు మీద రాస్తే ఏమిటి అని. ఒకే సరుకు, ఒకే ఊరు, ఒకే ధర, ఏడాదంతా ఒకేలా నడిచే పని అయితే నిజంగానే ఏమీ తేడా రాదు. అలాంటి పని నేను మాత్రం ఎక్కడా చూడలేదు.

రెండింతల లెక్క

మా అత్తకి ధర కట్టడానికి ఒక లెక్క ఉంది. మా ఊళ్ళో అప్పడాలు, వడియాలు చేసేవాళ్ళందరికీ ఇంచుమించు ఇదే లెక్క. ముడిసరుకుకి ఎంత పడిందో దానికి రెండింతలు వేసుకోవాలి. ఆ లెక్కని తక్కువగా చూడకూడదని ఆమె పుస్తకం విప్పాక నాకు అర్థమైంది. ఎందుకంటే మామూలు నెలలో అది దాదాపు సరిపోతుంది.

మామూలు నెలలో 1,000 కిలోల మినప్పప్పు వాడుతుంది. ఆటోతో కలిపి కిలో 110 పడింది, 1,10,000. ఉప్పు, సోడా, ఇంగువ, మిరియాలు, జీలకర్ర, నూనె కలిపి 14,000. అంటే సరుకు 1,24,000. దాంతో తయారయ్యే అప్పడాలు 1,100 కిలోలు. కిలోకి సరుకు ఖర్చు 113 దాకా పడింది, రెండింతలు చేస్తే 225. కొట్టువాళ్ళు 5 రూపాయలు తగ్గించమంటారు, 220కి ఇస్తుంది.

వెయ్యి కిలోల పప్పుకి 1,100 కిలోల అప్పడాలు ఎలా వస్తాయో ఇక్కడ చెప్పాలి, సరుకు లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. వంద కిలోల పిండిలో పది కిలోల దాకా నీళ్ళు ముందే ఉంటాయి, గట్టి పదార్థం తొంభై. దానికి ఎనిమిది కిలోల ఉప్పు, సోడా మసాలా రెండూ కలిపి మూడు కిలోలు కలిస్తే నూట ఒకటి. కలిపేటప్పుడు పోసిన నీళ్ళలో చాలావరకు ఎండలో పోతాయి, కానీ అప్పడంలో నూటికి పద్నాలుగు వంతుల తేమ మిగలాలి. అలా తేమ నిలిస్తే 117 కిలోలు తూగుతుంది. అందులో రెండు కిలోలు పొడిగా రాలిపోతాయి. ఐదు కిలోలు విరిగినవి, వంకరవి, వాటిని తక్కువ ధరకి అమ్ముతారు. మంచివి 110.

మే నెలలో తేడా వచ్చేది ఈ తేమ దగ్గరే. ఎండ ముదిరితే అప్పడం పన్నెండు వంతుల తేమకి దిగిపోతుంది. అప్పుడు అదే వంద కిలోల పిండికి రెండున్నర కిలోల బరువు తగ్గుతుంది. నెలకి పాతిక కిలోలు గాలిలో కలిసినట్టే, పైగా పెళుసెక్కి విరిగేవి పెరుగుతాయి. మా అత్తకి ఇది చేత్తో తెలుస్తుంది. ఎండిన అప్పడం అంచు పట్టుకుని వంచి చూస్తుంది. కొంచెం వంగి విరిగితే సరే. వంచగానే టప్ మంటే "పది నిమిషాల ముందే తీయాల్సింది" అని కేకేస్తుంది. ఆ పది నిమిషాలకి ఖరీదు ఉందని ఆమెకి తెలుసు, ఎంతో మాత్రం రాసుకోలేదు.

ఇక మిగతా లెక్క. పప్పు మర పట్టించడానికి 4,000. అది ఈ సరుకు కోసమే పెట్టిన నేరు ఖర్చు. ఒత్తే ఆడవాళ్ళకి మంచి అప్పడాల కిలోకి 40 చొప్పున 44,000. ప్రైమ్ కాస్ట్ 1,72,000 అయింది. షెడ్డు అద్దె, పిండి కలిపే యంత్రం కరెంటు, దాని అరుగుదల, ఉండలు తూచి ఇచ్చి లెక్క చూసుకునే మనిషి జీతం, ఎండబెట్టే పట్టాలు, నీళ్ళు, శుభ్రం, ఆ డాబాల ఆటో, అన్నీ కలిపి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ 22,400. అరకిలో కవర్లు 2,200, ఒక్కోటి 3 రూపాయల లెక్కన 6,600. విరిగినవి అమ్మగా వచ్చిన 3,000 ఇందులోంచి తీసేయాలి.

కవర్ల గురించి ఒక మాట. అప్పడాలకి జీఎస్టీ లేదు. అది వరమే అనుకుంటారు అందరూ. కానీ అమ్మేటప్పుడు పన్ను లేదు కాబట్టి, కవర్ల మీద, అట్టపెట్టెల మీద, యంత్రం మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ఆ పన్ను కూడా ఖర్చులోనే పడుతుంది. నేను 3 రూపాయలని రాసింది పన్నుతో కలిపి. బిల్లులో పన్ను ముందున్న ధర చూసి రాసుకునేవాళ్ళని చూశాను. వాళ్ళ కాస్ట్ షీట్ ప్రతి నెలా కొంచెం కొంచెం అబద్ధం చెబుతుంది.

అలా ఆమెకి నేను రాసిచ్చిన కాగితం ఇది, కిలోకి:

ఫ్యాక్టరీ గుమ్మం దాకా, కవరుతో సహా: 180
ఆఫీసు ఖర్చు: 10
ఊళ్ళో అమ్మకపు ఖర్చు: 8
మొత్తం: 198
లాభం: 22
ధర: 220

రెండింతల లెక్క సరిగ్గా ఇక్కడికే తెచ్చింది, చూశారా. అందుకే ఇరవై ఏళ్ళు నడిచింది. కానీ అది నడవాలంటే పప్పు ధర 110 దగ్గరే ఉండాలి. పప్పు 130 అయితే కిలో అప్పడాలకి అసలు ఖర్చు పెరిగేది 18 రూపాయలు, రెండింతల లెక్కలో ధర పెరిగేది 36. ఒత్తే కూలీ, షెడ్డు అద్దె పప్పుతో పాటు పెరగవు కదా. ఆ ధరకి కొట్టువాళ్ళు పక్కవాడి సరుకు వేయించుకుంటారు. పప్పు 85కి పడితే సరుకు ఖర్చు కిలోకి 90, రెండింతలు 180. అసలు ఖర్చు మాత్రం 175 పైనే ఉంటుంది. లాభం 22 నుంచి 5 లోపుకి వచ్చేస్తుంది, అదీ పప్పు చవకైన మంచికాలంలో. "పప్పు పడిపోయిన ఏడాది నేనెందుకు అప్పులపాలయ్యానో ఇన్నాళ్ళూ తెలీలేదురా" అంది అత్త ఆ కాగితం చూసి. ఆ ఏడాది ఆమె చెవిదుద్దులు తాకట్టు పెట్టింది. మా ఇంట్లో అందరం గిరాకీ లేక అనుకున్నాం.

లాభం దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. ధరలో పదో వంతు లాభం కావాలంటే 198ని 0.9తో భాగించాలి, 220 వస్తుంది. చాలామంది 198 మీద నూటికి పది కలుపుతారు, 217 రూపాయల 80 పైసలు వస్తుంది. తేడా రెండు రూపాయల ఇరవై పైసలే, కానీ లాభమే 22 అయినచోట అది పదో వంతు. కొట్టువాడు తన లాభం ఎప్పుడూ ధర మీదే చెబుతాడు. మనం ఖర్చు మీద లెక్కేసుకుంటే ఇద్దరం ఒకే మాట చెప్పి వేరే వేరే డబ్బు తలుచుకుంటాం.

విశాఖపట్నం సరుకు

ఫిబ్రవరి ఆర్డరుకి వస్తాను. ఊళ్ళో ఇచ్చే ధరే, 220, ఆమె విశాఖపట్నానికీ చెప్పింది. ఆమె దృష్టిలో అదే సరుకు, అదే కవరు. ఫ్యాక్టరీ గుమ్మం దాకా అది నిజమే, ఆఫీసు ఖర్చు కలిపినా 190 దాకా ఇద్దరు కొనుగోలుదారులకీ ఒకటే. దారి చీలేది ఆ తర్వాతే.

ఊళ్ళో కొట్లకి సరుకు గోనెసంచుల్లో వెళ్తుంది. విశాఖకి అట్టపెట్టెలు కావాలి, పది కిలోల పెట్టె 40 రూపాయలు, అంటే కిలోకి 4. పార్సిల్ ఆఫీసుకి ఆటో కిలోకి 2. లారీ కిరాయి 6. దారిలో విరిగి, అక్కడ దించుకున్న వ్యాపారి లెక్కలోంచి కొట్టేసిన సరుకు కిలోకి 5 పడింది. ఆర్డరు తెచ్చిన మధ్యవర్తికి ధరలో నూటికి ఐదు, అంటే 11. మొత్తం 28. 190కి 28 కలిపితే 218. మూడు వందల కిలోల మీద ఆమెకి మిగిలింది 600 రూపాయలు. ఊళ్ళో అదే సరుకు అమ్ముకుంటే 6,600 మిగిలేది. పైగా ఆ వ్యాపారి డబ్బు ఇచ్చింది నెలన్నర తర్వాత. ఆ నెలన్నర వడ్డీని నేను కాస్ట్ షీట్‌లో రాయలేదు, వడ్డీ సరుకు ఖర్చు కాదు, లాభంలోంచి కట్టుకోవాల్సింది. 600 రూపాయల లాభంలోంచి ఎంత కడతాం?

ఈ ఖర్చులేవీ ఆమె దాచలేదు, మరిచిపోలేదు. అన్నీ పుస్తకంలో ఉన్నాయి. అట్టపెట్టెలు "పాకింగ్" పేజీలో కవర్ల పక్కన ఉన్నాయి. పార్సిల్ ఆటో ఆటోలలో కలిసిపోయింది. విరిగిన సరుకు డాబా మీద విరిగిన దానితో పాటే ఉంది. నెలంతటి ఖర్చునీ నెలంతటి సరుకు మీద పంచితే, విశాఖ ఆర్డరు చేసిన గాయం ఊళ్ళో కొట్ల సరుకు మీద కూడా పలచగా పరుచుకుని కనబడకుండా పోయింది.

కవరుకీ అట్టపెట్టెకీ నేను పెట్టే తేడా ఇక్కడ అడగదగ్గదే. రెండూ పాకింగే. కానీ కవరు లేకుండా అప్పడాలు అమ్మకానికే పనికిరావు, గాలి తగిలితే మెత్తబడతాయి. కవరు పడ్డాకే తయారీ పూర్తయినట్టు. అట్టపెట్టె దారి కోసం పుట్టింది. దేశంలో కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ పెట్టిన ప్రమాణాలలో తొమ్మిదోది పాకింగ్ గురించే. అదీ ఇలాగే చెబుతుంది: మొదటి పాకింగ్ తయారీ ఖర్చు, రెండో పాకింగ్ పంపిణీ ఖర్చు. ప్రమాణం చెప్పిందని కాదు, అత్త విషయంలో ఆ గీత దగ్గరే 4 రూపాయలు పోయాయి.

మా స్నేహితుడి వాదన

ఈ లెక్క నాతో పాటు చదువుకున్న ఒక స్నేహితుడికి చూపించాను. అతను ఒప్పుకోలేదు. "అద్దె, జీతాలు ఆర్డరు ఉన్నా లేకపోయినా ఉంటాయి. ఆ మూడు వందల కిలోల కోసం కొత్తగా పెట్టిన ఖర్చెంతో అదే చూడు. నువ్వు ఓవర్‌హెడ్లు దాని నెత్తిన వేసి, మంచి ఆర్డరుని చెడ్డది చేస్తున్నావ్" అన్నాడు.

లెక్కేసి చూశాను. అతను చెప్పింది కొట్టిపారేసేది కాదు. ప్రైమ్ కాస్ట్ కిలోకి 156. కవరు 6. సరుకుతో పాటు పెరిగే కరెంటు, నీళ్ళు, డాబాల ఆటో కలిపి ఐదు రూపాయల చిల్లర. విరిగినవి అమ్మగా వచ్చేది తీసేస్తే 165. విశాఖ దాకా పంపే 28 కలిపితే 193. 220కి అమ్మితే కిలోకి 27 మిగిలి, అద్దెకీ జీతాలకీ ఆసరా అవుతుంది. మూడు వందల కిలోలకి 8,100. నేను 600 అన్నచోట అతని లెక్క 8,100 అంటుంది. ఇద్దరివీ సరైన లెక్కలే.

చాలాసేపు ఆలోచించి నేను నా మాటే నిలబెట్టుకున్నాను, కానీ ఒక షరతుతో. అతని లెక్క చేతులు ఖాళీగా ఉన్న నెలకి చెల్లుతుంది. ఆగస్టులో ఆ ఆర్డరు వస్తే 220కే కాదు, 205కి కూడా తీసుకోమని అత్తకి నేనే చెబుతాను. కానీ అది ఫిబ్రవరి. మంచి ఎండ, ఊళ్ళో పెళ్ళిళ్ళ గిరాకీ, ఒత్తే చేతులన్నీ నిండిన కాలం. ఆ మూడు వందల కిలోలు ఊళ్ళో కొట్లకి వెళ్ళాల్సిన సరుకే. అప్పుడు పోలిక ఖాళీ చేతులతో కాదు, 22 మిగిలే అమ్మకంతో. రెండోది, ఒకసారి చెప్పిన ధర ఆ ఒక్కసారితో ఆగదు. విశాఖ వ్యాపారి మళ్ళీ ఫోన్ చేసి "పాత ధరకే" అంటాడు. ప్రతి ఆర్డరూ అద్దెకి తన వంతు ఇవ్వకుండా తప్పించుకుంటే చివరికి అద్దె ఎవరు కడతారు?

ఒక్కటి మాత్రం అతని దగ్గరే నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లో సరుకుతో పెరిగేది ఎంత, కదలకుండా ఉండేది ఎంత అని పక్కన పెన్సిలుతో రాసుకోవాలి. అది లేకపోతే నాకు ఆగస్టు ధర తేలేది కాదు.

వాన నెలలు

ఆగస్టు అన్నాను కాబట్టి ఆ సంగతి. జూలై నుంచి సెప్టెంబరు దాకా మా వైపు మబ్బు పడితే డాబా మీద అప్పడం ఎండదు. ఎండ ఉన్న నెలల్లో 1,250 కిలోలు తీసే అత్త, వాన నెలల్లో 650 తీస్తుంది. ఓవర్‌హెడ్ మాత్రం సగానికి తగ్గదు, ఆటో, కరెంటు కొంచెం తగ్గి 19,500 దగ్గర నిలుస్తుంది. ఆ నెల లెక్క ఆ నెలకే కడితే కిలోకి 30. ఎండాకాలంలో 19 లోపే.

ఏ నెల కాస్ట్ షీట్ ఆ నెల సరుకు మీదే కట్టేవాళ్ళు ఆగస్టులో ధర పెంచాలనుకుంటారు, మార్చిలో అనవసరంగా తగ్గిస్తారు. నేను కట్టిన 1,100 ఏడాది సగటు: తొమ్మిది నెలలు 1,250, మూడు నెలలు 650, మొత్తం 13,200, దాన్ని పన్నెండుతో భాగిస్తే 1,100. వాన ప్రతి ఏడాదీ వస్తుంది, అది మామూలే, కాబట్టి దాని భారం ఏడాది పొడవునా ప్రతి కిలో మీదా కాస్త కాస్త పడాలి. నిల్వ సరుకు విలువ కట్టడానికి ఉన్న రెండో అకౌంటింగ్ ప్రమాణం కూడా కదలని తయారీ ఖర్చుని మామూలు సామర్థ్యం మీదే పంచమంటుంది.

మామూలు కానిది వేరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో చెట్లు, స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. అత్త షెడ్డు మీద రేకులు లేచిపోయి బస్తాల్లో పప్పు తడిసింది. ఆ నష్టం ఏ మెట్టు మీదా పెట్టకూడదు. నేరుగా లాభనష్టాల ఖాతాలోకి పోవాలి. తుపాను ఖర్చుని కిలో ధరలో వేసి కొట్టువాడి దగ్గర రాబట్టుకుందామంటే, తుపాను రాని ఊరి సరుకు వాడికి చవగ్గా దొరుకుతుంది.

ఆఫీసు ఖర్చు మీద నా అనుమానం

నేను గట్టిగా తేల్చుకోలేని చోటు ఆఫీసు ఖర్చే. కిలోకి 10 అని రాశాను, నెలకి 11,000. అందులో 5,000 మా అత్త తన పనికి తానే తీసుకోవాల్సిన జీతం. ఆమె ఏనాడూ తీసుకోలేదు. ఆదాయపు పన్ను లెక్కల్లో సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకి సొంత జీతం ఖర్చు కాదు. కాస్ట్ షీట్‌లో రాయవచ్చు, రాయాలనే నేను అంటాను. రేపు ఆమెకి మోకాళ్ళు పట్టేసి ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెడితే వాళ్ళు ఊరికే చేయరు. కానీ అయిదు వేలే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాదు అంటే నా దగ్గర జవాబు లేదు. పైగా ఆమె సగం రోజు అప్పడాలు చూస్తుంది, సగం రోజు ఫోన్లు, డబ్బు వసూలు. చూసే సగం ఫ్యాక్టరీ ఖర్చు కావాలి. అది నేను అసలు రాయనే లేదు, ఎందుకంటే రాస్తే ధర 220 దాటుతుంది, ఊళ్ళో దాటనివ్వరు. అంటే ఆ లోటు ఆమె భరిస్తోంది. ఈ మాట కాగితం మీద లేదు, ఇక్కడైనా రాస్తున్నాను.

మేం చదివిన పుస్తకాల్లో ఆఫీసు ఖర్చు కూడా కలిపాకే ఉత్పత్తి ఖర్చు అనేవారు, మిగిలిన సరుకుకి ఆ లెక్కనే విలువ కట్టించేవారు. నేను మార్చి 31న షెడ్డులో ఉన్న 150 కిలోలకి 180 చొప్పునే కట్టాను. బ్యాంకుకి తిరిగిన ఆటో ఆ అప్పడాన్ని ఏమీ మార్చలేదు కదా. ఇక 198 లెక్కన కడితే అమ్మని సరుకు మీద అమ్మకపు ఖర్చు ఎక్కి, లాభం 2,700 ఎక్కువ కనబడుతుంది.

పోయిన వారం విశాఖ వ్యాపారి మళ్ళీ ఫోన్ చేశాడు, ఇంకో మూడు వందల కిలోలు, పాత ధరకే. ఫోన్ స్పీకరులో పెట్టి అత్త నా వైపు చూసింది. మధ్యవర్తి వంతు తీసేస్తే విశాఖ దాకా ఖర్చు 207, మధ్యవర్తికి నూటికి ఐదు, మాకు పది, రెండూ ధర మీదే కాబట్టి ఆ 207ని 0.85తో భాగిస్తే 244 పడుతుందని అంతకుముందే రాసిచ్చాను. 244 అనగానే అవతల "అమ్మా, అంత ఎక్కడిది" అన్నాడు. ఎప్పుడైనా అయితే అత్త అక్కడే 225కి దిగిపోయేది. ఈసారి కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అంకె చదువుతూ మాట్లాడింది.

"బాబూ, సరుకులో నేను తగ్గించేది లేదు. మధ్యవర్తి లేకుండా నువ్వే నేరుగా తీసుకో, లారీ కిరాయి నువ్వే కట్టుకో. అప్పుడు 224కి ఇస్తాను. పెట్టెలు నావే, పార్సిల్ ఆఫీసు దాకా ఆటో నాదే."

అతను రేపు చెబుతానన్నాడు. మర్నాడు పొద్దున సరే అని మెసేజ్ పెట్టాడు, సగం డబ్బు ముందే వేశాడు. ఆమె పుస్తకం తీసి కొత్త పేజీలో "ఆటో, విశాఖ పార్సిలు" అని రాసి, కింద గీత గీసింది.